సదస్సుకు వెళ్ళలేకపోయిన ఆదివారం

శుక్రవారం ఉదయం కాఫీ తాగుతుండగా కుడిచేతిలోని కప్పు జారిపోయింది. మా ఆవిడ ఏదో అడిగితే నోట మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాలలో అంతా సర్దుకుంది. వైద్యుణ్ణి కాబట్టి అది తాత్కాలిక పక్షవాతమని నాకు తెలుసు. అయినా నా మొదటి ఆలోచన, ఆదివారం వరంగల్ సదస్సుకు వెళ్ళగలనా అన్నదే! లక్షణాలు తగ్గినా, అసలైన పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజులలోనే అధికం. దంతాలపల్లి నుంచి మా అబ్బాయి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

స్కానింగు కాగానే, మంచంమీది నుంచే నిర్వాహకుడికి ఫోను చేశాను. కారణం దాచలేదు. ఆయన ఆందోళనపడి, "సార్, మీ పాత ప్రసంగం రికార్డింగు ఉంది కదా, అదే వేసేద్దాం" అన్నారు.

నా అంశం పాముకాటు. అందులో ముఖ్యమైనది ఇరవై నిమిషాల రక్త పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే, రక్తపింజర వంటి పాము విషం ఎక్కిందని అర్థం. ఆ రికార్డింగులో నేను "శుభ్రమైన గొట్టం" అని మాత్రమే అన్నాను. దాన్ని విని ఎవరైనా సబ్బుపొడితో కడిగిన గొట్టం వాడితే, విషమెక్కని మనిషి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అనవసరంగా విషవిరుగుడు మందు ఎక్కిస్తారు. ఆ మందుకు తీవ్రమైన వికటింపు రావచ్చు. తప్పు దిద్దడానికి రికార్డింగును ప్రశ్న అడగలేరు కదా!

నాకు బదులుగా ఒక ఆచార్యుడి పేరు చెప్పడం సులువే. కాని ఈ పరీక్షను ఏళ్ళ తరబడి స్వహస్తాలతో చేసింది నాతో పనిచేసిన ఒక నర్సమ్మ. నిర్వాహకుడికి ఆమె పేరు చెప్పకముందే ఆమెనే అడిగాను.

"పెద్ద పెద్ద డాక్టర్ల ముందు నేనేం మాట్లాడుత సార్?"

"మాట్లాడొద్దమ్మా, చేసి చూపించు."

నిర్వాహకుడు కొంత తటపటాయించి ఒప్పుకున్నారు. పాత రికార్డింగులో కాటు లక్షణాలు చెప్పిన ఐదు నిమిషాలు మాత్రం వేయమన్నాను. పరీక్ష భాగం తీసేయమన్నాను.

ఆదివారం ఆమె ఆరోగ్యవంతుడైన ఒక యువ వైద్యుడి రక్తాన్ని రెండు గొట్టాలలో పోసిందట: ఒకటి కొత్తది, రెండోది సబ్బుపొడితో కడిగినది. ఎదురుచూస్తున్న ఇరవై నిమిషాలలో ఒకరు, "గడ్డకడితే రోగిని ఇంటికి పంపవచ్చా?" అని అడిగారట. కట్లపాము విషం నరాలను దెబ్బతీస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తూ ఇరవై నాలుగు గంటలు ఉంచాలని ఆమె చెప్పింది. తరువాత గొట్టాలు వంచి చూపింది. కొత్తదానిలో రక్తం గడ్డకట్టింది, రెండోదానిలో నీళ్ళలా జారింది.

సాయంత్రం ఆమె ఫోను చేసి ఇదంతా చెప్పి, "సార్, ఇంతకూ మీ చెయ్యి ఎట్లుంది?" అని అడిగింది.