అమ్మ దమ్ము గురించి డాక్టరుకు రాసిన మెసేజ్

"అమ్మకు కాళ్లు వాచాయి, ఆయాసంగా ఉంది, ఏం మందు వేయమంటారు?" ఇంతే రాస్తే ఏ డాక్టరూ ఏమీ తేల్చలేరు. కాళ్ల వాపుకు కారణాలు బోలెడు. అందుకే పోయిన నెల తుంగతుర్తిలో ఉన్న మా అమ్మ గురించి సూర్యాపేట డాక్టరుగారికి మెసేజ్ రాసే ముందు, నేనూ మా మరదలూ ఒక గంట కూర్చుని అన్నీ చూసుకున్నాం.

అమ్మకు 67 ఏళ్లు, బీపీ వచ్చి పదిహేనేళ్లయింది. "ఏం లేదు బిడ్డా, వయసు పైబడ్డది" అంటూనే ఉంది. పక్కింటి అత్తమ్మేమో బీపీ గోళీ వల్లే వాపు అంది. అందులో కొంత నిజముంది. అమ్మ వేసుకునే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. కానీ ఆ గోళీ వల్ల పడుకుంటే దమ్ము రాదు. నన్ను భయపెట్టింది ఆ దమ్మే.

ముందు వాపు చూశాం. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి వదిలితే గుంట పడింది. అది పూడడానికి చాలా సేపు పట్టింది. రెండు కాళ్లకూ ఒకేలా ఉంది. ఒక్క కాలే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నరంలో రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించాలి. అది వేరే అత్యవసరం. తర్వాత నిద్ర సంగతి అడిగాం. "పండుకుంటే దమ్మొస్తది, లేచి కూసుంటే మంచిగుంటది" అంది. అప్పుడు ఇలా రాశాను.

"నమస్తే డాక్టర్ గారూ. అమ్మకు 67 ఏళ్లు, మీ దగ్గర బీపీకి చూపించుకుంటుంది. మూడు వారాలుగా రెండు కాళ్లూ మోకాళ్ల దాకా వాచాయి, నొక్కితే గుంట పడుతోంది. పోయిన నెల 58 కిలోలు, ఈ రోజు 62. ఇదివరకు ఒక దిండుతో పడుకునేది, వారం నుంచి మూడు కావాలి. రెండు రాత్రులుగా నడిజామున ఊపిరాడక లేచి కుర్చీలో కూర్చుంటోంది. నెల కింద బావి దాకా నడిచేది, ఇప్పుడు వాకిలి ఊడ్చినా కూర్చుండిపోతోంది. ఛాతీలో నొప్పి, జ్వరం లేవు. బీపీ 160/90. ఆమ్లోడిపిన్ రోజూ వేసుకుంటోంది. మోకాళ్ల నొప్పులకు షాపులో తెచ్చుకున్న డైక్లోఫెనాక్ 20 రోజులుగా రోజుకు రెండు. గోళీల అట్టల ఫొటోలు పెడుతున్నాను. ఈ రోజే తీసుకురమ్మంటారా?"

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "నొప్పి గోళీలు ఆపండి, మధ్యాహ్నంలోపు తీసుకురండి."

ఈసీజీ, ఎకో, కిడ్నీ, రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేశారు. గుండె రక్తాన్ని నెట్టే శక్తి ఎకోలో 35 శాతం వచ్చింది. మామూలుగా 55 పైన ఉండాలట. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. పేరు వినగానే గుండె ఆగిపోయిందనుకుంటాం. కానీ అది ఆగడం కాదు, పంపు బలహీనపడటం. ఏళ్లుగా ఉన్న బీపీ దానికి కారణం కావచ్చన్నారు.

పడుకుంటేనే దమ్ము ఎందుకో కూడా డాక్టరుగారు చెప్పారు. పగలంతా నీరు కాళ్లలోకి దిగి ఉంటుంది. పడుకోగానే అది రక్తంలో కలిసి ఛాతీ వైపు వస్తుంది. బలహీనపడ్డ గుండె దాన్ని ముందుకు నెట్టలేకపోతే ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరుతుంది. లేచి కూర్చుంటే నీరు మళ్లీ కిందికి దిగి ఊపిరి ఆడుతుంది. అందుకే దిండ్ల లెక్క ఆయనకు అంత పనికొచ్చింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు కిడ్నీలు ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా చేస్తాయి. తూగీ తూగక నడుస్తున్న గుండె మీద ఆ బరువు పడింది.

నీరు దిగడానికి ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్లు ఇచ్చి నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఇంటికొచ్చేటప్పటికి అమ్మ మళ్లీ 58 కిలోలు, ఒక్క దిండు. గుండెకు వేరే గోళీలు రాశారు. ఆవకాయ, అప్పడాలు తగ్గించమన్నారు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసి రాయమన్నారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, వాపు కనిపించకపోయినా ఫోన్ చేయాలి. ఇప్పుడు మరదలు ఆ అంకెలు క్యాలెండర్ మీద రాస్తోంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కూర్చున్నా దమ్ము తగ్గకపోయినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, నురగతో దగ్గు వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా మెసేజ్ రాస్తూ కూర్చోకూడదు. అప్పుడు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టాలి.