తమ్ముడి బొటనవేలు

ఆదివారం రాత్రుళ్ళు నేను హైదరాబాద్‌లో, తమ్ముడు వైజాగ్‌లో కూర్చుని పీసీ మీద అపెక్స్ లెజెండ్స్ ఆడతాం. నాది మౌస్, వాడిది కంట్రోలర్. ఫైరింగ్ రేంజ్‌లో ఇద్దరం సరదాగా తలపడితే, దగ్గర పోరులో ఎప్పుడూ వాడిదే గెలుపు. ఒక రాత్రి ఉక్రోషం ఆగలేదు. “నువ్వు గెలవట్లేదురా, గేమే నిన్ను గెలిపిస్తోంది” అనేశాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. “ఒకసారి కంట్రోలర్ పట్టుకుని చూడక్కా” అని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం ఆటకి రాలేదు.

పాత కంట్రోలర్ ఒకటి వెతికి, ఒక్కదాన్నే రేంజ్‌లోకి వెళ్ళాను. ముందు సెట్టింగుల్లో `Target Compensation` ఆపేశాను. ఎయిమ్ అసిస్ట్‌కి ఆ గేమ్ పెట్టిన పేరది. మౌస్ మీద నా ముంజేయి మొత్తం కదులుతుంది. ఇక్కడ గురి భారమంతా ఒక్క బొటనవేలిది, అదీ వేలెడంత లేని స్టిక్ మీద. బొమ్మ దగ్గరికి రావడం, దాటిపోవడం, మళ్ళీ వెనక్కి రావడం. పది నిమిషాలకే వేలు నొప్పెట్టింది.

మళ్ళీ ఆన్ చేశాను. క్రాస్‌హెయిర్ బొమ్మను సమీపించగానే దాని వేగం తగ్గింది. జారిపోయే వేలికి అదొక ఆసరా. దీనిమీద నాకే పేచీ లేదు.

తర్వాత ఇంకో పరీక్ష. బొమ్మకి నాలుగడుగుల దూరంలో నిలబడి, గురి చూసే కుడి స్టిక్ మీంచి వేలు పూర్తిగా తీసేశాను. ఎడమ స్టిక్‌తో పక్కకి నడిచాను. క్రాస్‌హెయిర్ దానంతటదే కొంచెం తిరిగి, బొమ్మ వెంట వెళ్ళింది. పూర్తిగా కాదు, కొంత మేరకే. మిగతాది వేలే చూసుకోవాలి.

అసలు తగాదా ఆ ‘కొంత’ దగ్గరే. ఎదుటివాడు హఠాత్తుగా దిశ మార్చాడనుకోండి. అది నా కంటికి అంది, చేయి కదలడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకి 60 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేములు గడిచిపోతాయి. ఎయిమ్ అసిస్ట్‌కి చూసి తెలుసుకోవాల్సిన పని లేదు, శత్రువు ఎక్కడున్నాడో గేమ్‌కి ముందే తెలుసు. వేలి బలహీనతకి సాయం చేయడం న్యాయమే. కానీ ఆలస్యం మనుషులందరిదీ. దాన్ని ఒకరికే తగ్గిస్తే?

అలాగని అది మంత్రమూ కాదు. ఇద్దరు శత్రువులు ఒకరినొకరు దాటితే గురిని తప్పు మనిషి వైపు లాగేస్తుంది. దూరం పెరిగేకొద్దీ మౌస్‌దే పైచేయి. 2024లో ఆట తయారుచేసినవాళ్ళే పీసీ మ్యాచుల్లో దీని బలాన్ని 25 శాతం తగ్గించారు. తీసెయ్యలేదు, తగ్గించారు. నాకూ అదే సబబనిపించింది.

తమ్ముడికి ఫోన్ చేసి, “వేలు నొప్పెడుతోందిరా” అన్నాను. నవ్వాడు. “మరి 12 ఫ్రేముల సంగతి?” అని అడిగాను.

“అది నిజమే” అన్నాడు. “అందుకే నీతో దూరం నుంచి కొట్లాడను.”