తెల్లవారితే ఆదివారం

శుభలేఖ చేతికొస్తే ముందు ముహూర్తం వాక్యం చదువుతాను. వధూవరుల పేర్లు తరవాత. మా నాన్నకు తెనాలిలో చిన్న ప్రెస్సు ఉండేది. చిన్నప్పటినుంచీ ఆ ట్రెడిల్ చప్పుడు మధ్య, పసుపు అంటించిన కార్డుల మధ్య పెరిగినదాన్ని. అందుకే శుభలేఖలో ఒక్క మాట తప్పిపోయినా నాకు పంటికింద రాయి పడినట్టుంటుంది. ఈ మాఘమాసంలో వచ్చిన శుభలేఖలో తప్పిపోయింది ఒక్క మాట కాదు. ఇన్నాళ్ళయినా ఆ బాధ పోలేదు.

పెళ్ళి మా పిన్ని మనవరాలిది. గోవాలో, దక్షిణపు వైపు సముద్రపు ఒడ్డున. పిన్ని కొడుకు, నా తమ్ముడు, స్వయంగా ఇంటికి వచ్చి, మరదలు చేత బొట్టు పెట్టించి, "అక్కయ్యా, బావగారూ, మీరు రాకపోతే పెళ్ళి పెళ్ళిలా ఉండదు" అని పిలిచాడు. ఆ ప్రేమలో ఇసుమంత లోటు లేదు. చేతిలో పెట్టిన పెట్టె ముఖమల్ గుడ్డది. లోపల కుంకుమ భరిణె, జీడిపప్పు పొట్లం, ఐదు కార్డులు. మెహందీకి ఒకటి, సంగీత్‌కి ఒకటి, మంగళస్నానాలకు ఒకటి, సుముహూర్తానికి ఒకటి, విందుకు ఒకటి. ఏ వేడుకకు ఏ రంగు బట్టలు కట్టుకోవాలో కూడా ఉంది. ఏ విమానాశ్రయంలో దిగాలో లేదు. గది ఎప్పటినుంచి ఎప్పటిదాకానో లేదు. ఎవరి ఖర్చు ఎవరిదో లేదు. అడుగున మాత్రం "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని ఉంది.

ఈ మాటలు ఎందుకు రాసి ఉండాలంటే, మనవాళ్ళు వాటిని నోరు తెరిచి అడగలేరు కనుక. బొట్టు పెట్టి పిలిచిన మనిషిని "టికెట్టు మేమే కొనుక్కోవాలా? గది అద్దె మీదా మాదా?" అని అడగడం మన ఇళ్ళలో జరిగే పని కాదు. పిలిచినవాళ్ళకూ చెప్పడం మొహమాటమే. ఇద్దరి మొహమాటానికీ మధ్యలో నిలబడి ఆ మాట చెప్పవలసింది కాగితం. ఊరిలో పెళ్ళయితే ఆ మాట అవసరం పడేది కాదు. బస్సు దిగి వచ్చి, భోంచేసి, అక్షింతలు వేసి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. వెయ్యి రూపాయలతో పోయే ప్రయాణం పదిహేను వేలకు చేరినప్పుడు కాగితమే మాట్లాడాలి.

ముహూర్తం దగ్గర మొదలుపెడతాను. కార్డులో "శనివారం రాత్రి 2-35 ని.లకు" అని ఉంది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది కాబట్టి తెల్లవారేదాకా శనివారమే. రైలుకూ విమానానికీ హోటలుకూ మాత్రం అర్ధరాత్రి దాటితే ఆదివారం. ఈ రెండు లెక్కలకూ వంతెనగా మన పెద్దలు "తెల్లవారితే ఆదివారం" అని చేర్చేవాళ్ళు. ఆ రెండు మాటలూ ఈ కార్డులో లేవు. పెళ్ళికూతురి స్నేహితురాలు ఒకమ్మాయి పుణె నుంచి వచ్చింది. శనివారం 2-35 అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటాక అనుకుంది. శుక్రవారం సాయంత్రం దిగింది, శనివారం మధ్యాహ్నానికి తిరుగు టికెట్టు కొనుక్కుంది. ముహూర్తానికి పన్నెండు గంటల ముందు పెళ్ళికూతుర్ని కౌగిలించుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. ప్రయాణం చేసి రావలసిన పెళ్ళికి వారం, పంచాంగ లెక్క సరిపోవు. "ఫిబ్రవరి ఫలానా తేదీ శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, అనగా క్యాలెండరు ప్రకారం ఆదివారం వేకువన 2-35" అని పూర్తిగా రాయాలి. దాని కిందే "తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం తరవాత పెట్టుకోగలరు" అన్న వాక్యం ఉంటే ఆ పిల్ల ఏడ్చేది కాదు.

తరవాతది దిగే చోటు. గోవాకు ఇప్పుడు రెండు విమానాశ్రయాలు. పాతది దబోలిం, నౌకాదళం వారి చోటు. కొత్తది మోపా, ఉత్తరాన మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, 2023 జనవరిలో విమానాలు మొదలయ్యాయి. టికెట్టు కొనే తెరమీద దబోలిం GOI అని, మోపా GOX అని కనిపిస్తాయి. రెంటికీ ఊరి పేరు గోవాయే. మా మావయ్యకు డెబ్బై ఆరేళ్ళు. ఆయన మనవడు ధర తక్కువుందని మోపాకు కొన్నాడు. పెళ్ళివారు బస్సు పెట్టింది దబోలింలో. ఆ పెద్దాయన మోపా నుంచి టాక్సీలో గోవా నిడివి అంతా దాటి, రెండు గంటలకు పైగా కూర్చుని వచ్చాడు. వచ్చాక ఒక్క మాట అనలేదు, కాళ్ళు మాత్రం వాచిపోయాయి. కార్డులో "దబోలిం (GOI) లో దిగండి. శుక్రవారం ఉదయం పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగింటికి మా బస్సులుంటాయి. వేరే వేళల్లో వచ్చేవారు టాక్సీ మాట్లాడుకోవాలి" అని మూడు ముక్కలుంటే చాలు. రైలులో వచ్చేవారికి మడగావ్ స్టేషను అని చెప్పాలి. అది చెప్పడానికీ వేళుంది. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. పెళ్ళి రెండు వారాలుందనగా శుభలేఖ పంచితే టికెట్లన్నీ అయిపోయి ఉంటాయి. కాబట్టి పసుపు పూసిన శుభలేఖ ఎప్పుడొచ్చినా, ప్రయాణం చీటీ మూడు నెలల ముందే వెళ్ళాలి.

ఇక విడిది. ఎంత చక్కని మాట! మన ఊళ్ళో పెళ్ళివారికి విడిది అంటే వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి. బల్లలు గోడకు జరిపి, తుంగచాపలు పరిచి, పంతులుగారి గదిలో పెళ్ళికొడుక్కి మంచం వేసేవాళ్ళు. తెల్లవారకముందే ఇత్తడి గంగాళంలో వేడినీళ్ళు, వేపపుల్లల కట్ట, పళ్ళపొడి పొట్లం, కొబ్బరినూనె గిన్నె, అద్దం, దువ్వెన వచ్చేవి. మా తాతయ్య కాఫీ కూజా పట్టుకుని ప్రతి చాప దగ్గరా వంగి "అందిందా బాబూ, అందిందా" అని అడిగేవాడు. ఎవరికైనా ఒంట్లో నలతగా ఉంటే మిరియాల చారు వేరే వచ్చేది. విడిది ఇచ్చామంటే స్టేషనులో దిగిందగ్గరనుంచి మళ్ళీ రైలెక్కేదాకా మీ బాగోగులు మావి అని. లెక్క అడిగేవాళ్ళూ లేరు, చెప్పేవాళ్ళూ లేరు. ఆ బడి గోడమీద మగపెళ్ళివారి పిల్లలు బొగ్గుతో గీసిన ఏనుగు, బడి తెరిచాక కూడా చాలాకాలం ఉండేది.

హోటలులో ఆ భరోసాకు హద్దులుంటాయి. తలుపు మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు, ఉదయం పదకొండింటికి ఖాళీ చేయమంటారు. మా పెళ్ళి సంగతి లెక్కవేసి చూడండి. శుక్రవారం రెండింటినుంచి ఆదివారం పదకొండుదాకా రెండు రాత్రులకు తమ్ముడు డబ్బు కట్టాడు. ముహూర్తం ఆదివారం వేకువన 2-35. తలంబ్రాలు, నాగవల్లి, అప్పగింతలు అయ్యేసరికి తెల్లారింది. అందరం ఆరింటికి పడుకున్నాం. పదింటికి ఫోను మోగింది, గది ఖాళీ చేయమని. మావయ్య విమానం రాత్రి ఎనిమిదింటికి. ఆయన కింద కౌంటరు దగ్గరికెళ్ళి సాయంత్రందాకా ఉండనిస్తారా అంటే ఇంకో రోజు అద్దె అడిగారు. జేబులోంచి పర్సు తీసి, చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని, పెట్టె లాక్కుంటూ వరండాలో కుర్చీ చూసుకున్నాడు. పట్టుపంచె ఇంకా కట్టుకునే ఉన్నాడు. తమ్ముడికి ఈ సంగతి సాయంత్రం తెలిసి చిన్నపిల్లాడిలా కుమిలిపోయాడు.

ఆ హోటలును నేనేమీ అనను. ఆ రోజు వాళ్ళకు వేరే బుకింగులున్నాయి. బేరం కుదుర్చుకునే రోజే తమ్ముడు అడగవలసింది. వేకువ ముహూర్తమైతే సాయంత్రం నాలుగుదాకా గదులు ఉంచమనాలి. కుదరదంటే సామాను పెట్టుకుని స్నానం చేసి నడుం వాల్చడానికి ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి గది తీసుకోవాలి. తరవాత ఆ మాట కాగితం మీదికి రావాలి. నన్ను రాయమంటే ఇలా రాస్తాను:

"మీ ఇద్దరికీ ఒక గది, శుక్రవారం మధ్యాహ్నం రెండింటినుంచి ఆదివారం సాయంత్రం నాలుగింటివరకు, మా తరఫున. శుక్రవారం రాత్రి భోజనం మొదలు ఆదివారం మధ్యాహ్న భోజనం వరకు కాఫీలు, ఫలహారాలు, భోజనాలు అన్నీ మావే. బట్టల ఉతుకు, గదిలోకి విడిగా తెప్పించుకునేవి మాత్రం మీ లెక్కలో వస్తాయి. ఇంత దూరం ప్రయాణం ఖర్చు మీ మీద పెడుతున్నందుకు మన్నించండి. హోటలువారికి పేర్లు ముందే ఇవ్వాలి కనుక జనవరి పదో తేదీలోగా ఒక ఫోను చేయండి. ప్రతి పెద్దవారూ గుర్తింపు కార్డు, విదేశాలనుంచి వచ్చేవారు పాస్‌పోర్టు వెంట తెచ్చుకోండి."

ఇందులో మొదటి రెండు మాటలు నాకు ప్రాణం. "మీ ఇద్దరికీ." గదులు లెక్కపెట్టుకున్న పెళ్ళికి "సకుటుంబ సపరివార" అని అచ్చువేస్తే కొడుకూ కోడలూ పిల్లలతో ఏడుగురు దిగుతారు, తప్పు వాళ్ళది కాదు. పసుపు కార్డు మీద ఆ మాట నిండుగా ఉండనివ్వండి, అది ఊరందరికీ వెళ్ళేది, ఇంటికొచ్చాక పెట్టే విందుకు అందరూ రావాలి కూడా. విడిది చీటీ మాత్రం వేరే కాగితం. దానిమీద పేర్లు చేత్తో రాయాలి. "అత్తయ్యకూ మావయ్యకూ" అనో, "నీకూ, చెల్లాయికీ, పిల్లలిద్దరికీ" అనో. అలా రాస్తే ఎవరు రావాలో తెలుస్తుంది, పిలుపులో ఆప్యాయతా తగ్గదు.

ఇలా ఏమి ఇస్తామో రాయడం మర్యాద కాదంటారు కొందరు. పాత శుభలేఖ తీసి చూడండి. "మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి" అని ఉంటుంది. మేము ఇచ్చేది ఇదీ అని మన పెద్దలు ఏ మొహమాటమూ లేకుండా అచ్చువేశారు. భోజనం ఎన్నింటికో వేశారు. విడిది ఏ వీధిలో, ఎవరి ఇంట్లోనో వేశారు.

మా నాన్న ఆ మాటలన్నీ ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చేవాడు. ఒకసారి ఎవరో చోటు చాలదని "తెల్లవారితే" తీయించారు. పెళ్ళికూతురి మేనమామ బుట్ట పట్టుకుని ఒక రోజు ఆలస్యంగా దిగాడు. అప్పగింతలు కూడా అయిపోయాయి. ఆ సంగతి విన్నాక నాన్న ఏడు వారాలకూ ఏడు వరసలు పేర్చి, పురికొసతో కట్టి, కేసు పక్కన అరలో ఉంచేశాడు. తెల్లవారితే సోమవారం, తెల్లవారితే మంగళవారం, అలా. ఏ కార్డు వచ్చినా ఆ అరలోంచి ఒకటి తీసి బిగించేవాడు, విప్పి పోసేవాడు కాదు. ప్రెస్సు అమ్మేసినప్పుడు టైపంతా తూకానికి పోయింది. ఆ ఏడు కట్టలూ మాత్రం అమ్మ బిస్కెట్ల డబ్బాలో పెట్టి దాచింది. ఇప్పుడు నా దగ్గరున్నాయి. శుక్రవారం కట్ట పురికొస తెగిపోయింది. మిగతా ఆరూ గట్టిగానే ఉన్నాయి.