కిలోకి ఎంత? గంటకి ఎంత?

పలాస జీడిపప్పు అనగానే అందరికీ తెల్లటి గుండు పప్పే గుర్తొస్తుంది. దాని మీది ఎర్రటి పొట్టు ఎవరు తీశారన్నది మా పేట ఆడవాళ్లని అడగాలి. మా అమ్మ పద్దెనిమిదేళ్లు ఆ పని చేసింది, అది కూడా ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లోనే. వంట అయ్యాక, మేకల్ని కట్టాక, రాత్రి సీరియల్ చూస్తూ. అందుకే మా ఇంట్లో దాన్ని ఎవరూ పని అనలేదు, ‘పప్పు ఒలుచుకోవడం’ అన్నారు. ‘కోవడం’ అనే ఆ ముక్కని వ్యాకరణం చెప్పేవాడిగా నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆ పని ఆవిడ తన కోసం చేసుకుంటోందట!

2024 వానాకాలంలో ఆ పని ఆపాలా వద్దా అన్న మాట వచ్చింది. ఆ లెక్క ఎలా తేలిందో రాస్తాను. మీలో చాలామంది చదువుకుంటూ ట్యూషన్లు చెప్తున్నారు, కొట్లో కూర్చుంటున్నారు, రాత్రుళ్లు పార్సిళ్లు తిప్పుతున్నారు. మీ లెక్కలు కూడా ఇలాంటివే కావచ్చు.

పని తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. తోట నుంచి వచ్చిన జీడిపిక్కని ఎండబెట్టి, ఆవిరి మీద ఉడికించి, కట్టర్ కింద పెట్టి కొడతారు. పెంకులో ఉండే జిగురు చేతుల్ని కాల్చి నల్లగా చేసేది ఆ దశలోనే. పెంకు పోయాక పప్పు మీద ఎర్రటి పొట్టు మిగులుతుంది. పప్పుని బోర్మాలో, అంటే వేడి గదిలో, గంటల తరబడి ఆరబెడితే పొట్టు పప్పుని వదులుతుంది. వదిలిన పొట్టుని వేళ్లతో నలిపి తీస్తారు, వదలని చోట చిన్న చాకుతో గీకుతారు. తర్వాత గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. గుండుకే అసలు ధర. గుండు బద్దయితే విలువ పడిపోతుంది. ఆ పడిపోవడంలో కొంత, పొట్టు తీసిన మనిషి కూలీలోంచి పోతుంది.

షావుకారు ఇచ్చే రేటు కిలోకి 25 రూపాయలు. లాటుకి 10 కిలోలు తూచి ఇస్తాడు, పొట్టు తరుగు కిందా చెమ్మ కిందా ఒక కిలో తీసేసి 9 కిలోలకి కూలీ కడతాడు. అంటే 225. అంతకుముందు కిలోకి 23 ఉండేది. రెండు రూపాయలు పెరిగిందని ఆ సంవత్సరం పేటంతా సంతోషించారు. అమ్మ కూడా.

కానీ ఆ వానాకాలంలో అమ్మ రోజంతా పప్పు దగ్గరే కూర్చుంటోంది. టెక్కలి నుంచి సాయంత్రం నేనింటికి వచ్చేసరికి చేట ముందే ఉంటుంది, పొద్దున్న బస్సుకి బయల్దేరేటప్పుడూ అక్కడే. “రేటు పెరిగింది గదే, మరి ఇంత పొద్దుపోయే దాకా ఎందుకు?” అంటే, “ఏటోరా, పొట్టు రాట్లేదు” అంది.

పొట్టు ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. ఫ్యాక్టరీల్లోకి పొట్టు తీసే యంత్రాలు వచ్చాయి. గాలి ఒత్తిడితో పొట్టుని ఊదేస్తాయి. బాగా ఆరిన పప్పు ఆ యంత్రంలో సులువుగా తేలిపోతుంది. పొట్టు అంటుకుపోయిన పప్పు, సందుల్లో ఎర్రగా మిగిలిన పప్పు యంత్రానికి లొంగదు, మళ్లీ చేతి పనికే వస్తుంది. ఇదివరకు అమ్మకి వచ్చే పది కిలోల్లో సులువైనదీ మొండిదీ కలిసి ఉండేవి. ఇప్పుడు సులువైనది యంత్రం తినేసి మొండిది మా పేటకి పంపుతోంది. రేటు మాత్రం కిలోకే. పప్పు మారిపోయింది, కిలో మారలేదు.

చేత్తో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. బొటనవేలితో నొక్కినప్పుడు పొట్టు ఉల్లిపొరలా గలగలా జారితే మంచి లాటు. తోలులా సాగితే చెమ్మ ఉన్నట్టు, చాకు తప్పదు, చాకు పడితే గుండు బద్దవుతుంది. మరీ ఎక్కువ ఆరిపోయినా కష్టమే, పొట్టు వస్తుంది గానీ పప్పు పెళుసుగా విరిగిపోతుంది. బోర్మా వేడి అమ్మ చేతిలో లేదు. విరిగిన పప్పు కోత మాత్రం అమ్మదే.

నేను చేసిందల్లా ఒక నోటుబుక్కు తెచ్చివ్వడం. అమ్మకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పొదుపు సంఘం పుస్తకం చూసి నేర్చుకుంది. చేట ముందు కూర్చున్నప్పుడొక గీత, లేచినప్పుడొక గీత, పక్కన గడియారం చూసి అంకె. మూడు వారాలు, ఆరు లాట్లు. ఒక్క షరతు పెట్టాను. ఒలిచే టైమే కాదు, పప్పు తేవడానికి పోయిన టైము, షావుకారు దగ్గర తూకం కోసం నిలబడ్డ టైము, గుండూ బద్దా వేరు చేసిన టైము, అన్నీ రాయాలి. “నిలబడ్డం కూడా పనేటిరా?” అని నవ్వింది. పనే. నిలబెట్టినవాడికి అది ఊరకే వచ్చిన పని.

ఆరు లాట్లలో రెండు మంచివి. ఒక్కోదానికి 17 గంటలు పట్టింది. 225లో ఆటోకి రానూపోనూ 40, విరిగిన పప్పుకి కోత 15, చేతికి 170. గంటకి 10 రూపాయలు. మిగతా నాలుగు మొండివి. ఒక్కోదానికి 25 గంటలు, కోత 45, చేతికి 140. గంటకి ఆరు రూపాయలు కూడా రాలేదు. మొత్తం 134 గంటలకి 900 రూపాయలు.

ఆ 900 దగ్గరే ఆగిపోయేవాళ్లం. మేకల సంగతి అమ్మే తీసింది. ఆ మూడు వారాలూ రెండు మేకల్ని తోలుకెళ్లే తీరిక లేక పక్కింటి కుర్రాడికి రోజుకి పది రూపాయలిచ్చి తోలించింది. 210 అయింది. అది పప్పు ఖర్చా, మేకల ఖర్చా? పప్పు లేకపోతే ఆ పది ఇచ్చేది కాదు గాబట్టి అది పప్పు ఖర్చే. 690 మిగిలింది. గంటకి అయిదు రూపాయల చిల్లర.

ఇక్కడ మనలాంటి చదువుకున్నవాళ్లు ఒక తొందర చేస్తారు. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకి 300 అని ఎత్తి చూపి, ‘ఇదేం పని, మానెయ్’ అంటారు. కానీ ఆ 300 పని కొలతని బట్టి వచ్చేది, మాకు దొరికేది ఎక్కువగా ఎండాకాలంలో. ఆగస్టులో రాత్రి ఎనిమిదింటికి మా అమ్మ గంటకి 300 సంగతి అటుంచి మూడు రూపాయలిచ్చేవాడు కూడా లేడు. ఒక గంట ఖరీదు కట్టాలంటే ఆ గంట ఇంకెక్కడ అమ్ముడుపోతుందో చూడాలి, అంతేగానీ కాగితం మీది గొప్ప రేటుతో పోల్చకూడదు. అందుకని నోటుబుక్కులో రాత్రి గంటల్ని విడిగా కూడాం. అన్నం తిన్నాక, సీరియల్ ముందు, 50 గంటలు. వాటికి అయిదు రూపాయలొచ్చినా లాభమే అనుకోవచ్చు. మిగతా 84 పగటి గంటలు. మేకల్ని, ఎండబెట్టాల్సిన కట్టెల్ని, నడుం వాల్చాల్సిన మధ్యాహ్నాన్ని తిన్నవి అవే.

అయితే రాత్రి మాత్రమే ఒలిస్తే? అడిగి చూసింది. లాటు నాలుగు రోజుల్లో తిరిగి రావాలి, సగం లాటు ఇవ్వను అన్నాడు షావుకారు. మంచి లాటు ఏరుకోవడమూ లేదు. కొంచెం చేసుకునే వీలు లేని పని పక్క పని అవదు. పేరుకి పక్క పని, గంటల్లో పూర్తి పని, కూలీలో చిల్లర. నా వరకు అక్కడే తేలిపోయింది.

అమ్మకి మాత్రం ఇంకోచోట తేలింది. ఉద్దానం మనుషులకి కిడ్నీ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, దాని ముందు ఆటోల వరస చూస్తే చాలు. ఈ జబ్బుకి కారణం ఫలానా అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు, పప్పు ఒలవడం వల్ల వస్తుందని నేననడం లేదు. కానీ మొండి లాటు ముందు కూర్చున్న రోజుల్లో అమ్మ నీళ్లు తాగడం తగ్గించింది. తాగితే లేవాలి, లేస్తే చేతులు కడగాలి, తడి చేత్తో పప్పు ముట్టకూడదు. నోటుబుక్కులో కూర్చున్న గీతకీ లేచిన గీతకీ మధ్య నాలుగేసి గంటలుండటం చూసి ఆవిడే అంది, “నాలుగ్గంటలు నీళ్లు ముట్టకుండా కూకున్నానేటి!” ఆ నెల క్రియాటినిన్ పరీక్ష చేయించాం. బాగానే ఉంది.

అంత తేలినా వెంటనే మానలేదు. మానడానికీ ఖర్చుంది. అంతకుముందు సంక్రాంతికి షావుకారు దగ్గర 2000 అడ్వాన్సు తీసుకుంది, లాటుకి 50 చొప్పున కోతపడుతూ ఇంకా 600 ఉంది. 900 లెక్కలో ఈ కోత కలపలేదు, అప్పు అప్పే కదా. పనితోనే తీర్చాలంటే ఇంకా పన్నెండు లాట్లు, మొండివైతే మూడొందల గంటలు. నేనిస్తానన్నాను. “నీ డబ్బు నీది. సంఘంలో నా కంతు నేను కట్టుకోడానికే గదా ఈ పప్పు” అంది. అసలు బాధ అది. నెలకి వెయ్యి రూపాయలు నేను ఇవ్వలేక కాదు. నేనిచ్చే వెయ్యికి ఆవిడ లెక్క చెప్పాలి, పప్పు వెయ్యికి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ విలువని గంటకి ఇంత అని నోటుబుక్కులో ఎక్కించే చోటు నాకు దొరకలేదు. దొరక్కపోయినా దాన్ని లెక్కలోంచి తీసేయలేదు. అదే కంతు ఇంకెలా వస్తుంది అన్న ప్రశ్న చేశాం. దసరాకి మేకపోతుని అమ్మింది. అడ్వాన్సు కట్టేసి, నాలుగు నెలల కంతు పక్కన పెట్టుకుంది. ఆఖరి లాటు ఇచ్చి ఖాళీ సంచితో తిరిగొచ్చింది.

లెక్క వేస్తే ప్రతిసారీ మానడమే తేలుతుందనుకోకండి. మా కాలేజీలో ఒకమ్మాయి తొమ్మిదిమంది పిల్లలకి తలా 200 చొప్పున ట్యూషన్ చెప్తుంది. నెలకి 1800, రోజుకి రెండు గంటలు, 26 రోజులు. గంటకి 35 దాకా వస్తోంది, ఇంట్లోనే, తను చదివిన పాఠాలే. పరీక్షల నెలలో మానేసి మళ్లీ మొదలుపెట్టినా పిల్లలు వస్తున్నారు. మానకు అన్నాను. ఆగి మళ్లీ మొదలుపెట్టుకోగలగడమే ఆ పనిలో పెద్ద లాభం.

అమ్మ వదిలిన లాటు ఖాళీగా ఏం లేదు. మర్నాడే మా ఎదురింటి పిన్ని తెచ్చుకుంది. ఆవిడకి మేకలు లేవు, జీతమొచ్చే కొడుకు లేడు, గంటకి ఆరు రూపాయలు వదులుకునే వీలు లేదు. ఆవిడతో ‘మానెయ్’ అనడానికి నాకు నోరు రాలేదు. అమ్మ మాత్రం నోటుబుక్కు పట్టుకెళ్లి గీతలు ఎలా గీయాలో చూపించి వచ్చింది. దీపావళి ముందు పిన్నీ ఇంకో ఇద్దరూ కలిసి ఆ గీతల పేజీలు పట్టుకుని షావుకారు దగ్గరికి వెళ్లారు. యంత్రం వదిలేసిన పప్పుకి కిలో రేటు వేరుగా కట్టమని అడిగారు. 35 అడిగితే 30 దగ్గర తెగింది, అదీ మొండి లాట్లకే. ఏది మొండి లాటో ఎవరు చెప్పాలన్న దగ్గర ఇంకా గొడవ పడుతున్నారు. షావుకారు తూకం దగ్గర చూసి చెప్తానంటాడు, పిన్ని బొటనవేలితో నొక్కి చూపిస్తానంటుంది.