ఎలుగుబంటి నీడ

పాడేరు వైపు మా ఊళ్ళలో రాత్రిపూట పిల్లలకు కథ చెప్పని ఇల్లు లేదు. ఆ కథకు డబ్బు తీసుకోవడం మాత్రం మాకు కొత్త. మా చిన్నాన్న కూతురు ఇద్దరు పిల్లల తల్లి. రెండేళ్ళుగా ఆ పనే చేస్తోంది. బొమ్మలు కత్తిరించడంలో, లెక్కలు రాయడంలో మేమూ చెయ్యి వేశాం కాబట్టి అందులో తెలిసిన సంగతులు చెబుతాం.

ఆమె చేసేది నీడబొమ్మలాట. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో చేసే బొమ్మలు వెలుగును లోపలికి రానిస్తాయి. అందుకే తెరమీద వాటి రంగులు కనిపిస్తాయి. మా చెల్లివి అట్టబొమ్మలు. పెళ్ళికార్డులు, పాత నోటుబుక్కుల అట్టలు కత్తిరించి, వెదురు పుల్ల కడుతుంది. వీటి నీడ నల్లగానే పడుతుంది. ఎలుగుబంటి కన్ను మెరవాలంటే అక్కడ చిల్లు పొడిచి వెనక ఎర్ర గాజు కాగితం అంటించాలి. చెయ్యి కదలాలంటే భుజం దగ్గర రెండు అట్టల్లో చిల్లు చేసి, దారం దూర్చి, రెండువైపులా ముడి వెయ్యాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు. మరీ వదులైతే వేలాడిపోతుంది. ముడికీ అట్టకీ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు ఉంటే సరిపోతుంది.

తెర తెల్ల పంచె. ముడతలు లేకుండా లాగి కట్టాలి. గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే నీడ పాలిపోతుంది. ఒక్క చిన్న టార్చి చాలు. బొమ్మను పంచెకు ఆనిస్తే నీడ స్పష్టంగా ఉంటుంది. దాన్ని వెనక్కి, టార్చివైపు లాగుతుంటే నీడ పెద్దదై అంచులు మసకబారతాయి. పనస చెట్టు దగ్గరికి ఎలుగుబంటి వచ్చేటప్పుడు ఆమె చేసేది అదే: ముందు పెద్ద మసక ఆకారం, తర్వాత గోళ్ళతో సహా ఎలుగుబంటి. బడిలో నీడల పాఠానికి ఇంతకన్నా మంచి సాధనం మాకు దొరకలేదు.

ఒక్క మనిషికి రెండే చేతులు. కాబట్టి ఆమె కథలో మూడే బొమ్మలు: అవ్వ, ఎలుగుబంటి, పనస చెట్టు. చెట్టు పుల్లను మట్టిముద్దలో గుచ్చేస్తుంది. కథ ఇరవై నిమిషాలు దాటితే చిన్నపిల్లలు తెర వెనక్కి వచ్చేస్తారు. అది నిద్రపుచ్చే కథ కాబట్టి చివర ఎలుగుబంటిని పడుకోబెట్టి, టార్చిమీద గుడ్డ కప్పుతుంది.

మొదట్లో ఆట వేరు, బొమ్మల కిట్టు వేరు. ఒక ఆటకు 22 మంది పిల్లలు వచ్చారు. తలకు 20 రూపాయల చొప్పున 440 వచ్చింది. ఆటోకు 80 పోగా 360 మిగిలింది. పట్టిన సమయం రెండు గంటలు. కిట్లు 20 చేసింది. ఒక్కోదానికి సరుకు 30 రూపాయలు, అమ్మకం 80. సంతలో పదమూడే పోయాయి. 1040 వచ్చినా సరుకుకే 600 అయింది కాబట్టి మిగిలింది 440. కత్తిరించడానికి ఆరు గంటలు పట్టింది. మిగిలిన ఏడు కిట్ల అట్టలు వానాకాలం చెమ్మకు వంకరపోయాయి.

కిట్టుకు ఇంకో చిక్కు ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకోవడానికని అమ్మే వస్తువుకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. ఆమె ఇంకా నమోదు కాలేదు. అందుకని కిట్టు అమ్మడం ఆపేసి, ఆట అయ్యాక పిల్లల చేతే ఒక ఎలుగుబంటిని చేయిస్తోంది. తలకు 50 రూపాయలు, సరుకు 8. పదిహేను మందికి మించి ఒప్పుకోదు, ఎందుకంటే ప్రతి ముడీ తానే చూడాలి. 750లో సరుకు 120, ఆటో 80 పోతే 550 మిగులుతుంది. మూడు గంటల పని. కూలికన్నా మెరుగే, కానీ వారానికి ఒకటి దొరికితేనే.

అరకు వైపు ఒక లాడ్జివాళ్ళు పిలిచారు. "పది నిమిషాల్లో కానివ్వమ్మా, మధ్యలో థింసా వేయించు, ఏదైనా పండగ కథ చెప్పు" అన్నారు. ఇంటికొచ్చి పెద్దమ్మను అడిగింది. పెద్దమ్మ కథల్ని రెండు కుప్పలు చేసింది. అవ్వ, ఎలుగుబంటి లాంటివి ఎవరికైనా చెప్పొచ్చు. కొత్తల పండగ రాత్రి పెద్దలు కూర్చుని చెప్పేవి పంచెమీద వెయ్యకూడదు, డబ్బుకు అసలే కాదు. "అవి నావి కావే, నీకివ్వడానికి" అంది.

చెల్లి ఆ మాటే లాడ్జివాళ్ళకు చెప్పింది. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఆ రాత్రులకు దొరికే డబ్బు తక్కువేమీ కాదు, అది ఆమెకూ తెలుసు. ఇప్పుడు పాడేరులో ఉద్యోగస్తుల ఇళ్ళలో పుట్టినరోజులకు పిలుస్తున్నారు. అక్కడ కథ తెలుగులో చెబుతుంది, ఎలుగుబంటి మాత్రం కువిలోనే కోప్పడుతుంది. తెలుగు పిల్లలు ఆ మాట ఇంకోసారి అనమని అడుగుతున్నారట.