ఖాళీగా ఉంచిన గడి

బీరువాలో కరెంటు బిల్లు వెతుకుతుంటే నా పదో తరగతి మెమో దొరికింది. కర్నూలులో ఇంటర్ అప్లికేషన్ నింపిన రోజు గుర్తొచ్చింది. "ఎంపీసీ రాయి" అన్నాడు మా నాయన. రాశాను. ముప్పై రెండేళ్లయింది.

ఆ రోజు నాలో ఏ గొడవా లేదు. ఇప్పుడు ఆలోచనలో పడేస్తున్నది అదే. కౌమారంలో మనిషి 'నేనెవరు' అని తడుముకుంటాడని ఎరిక్ ఎరిక్సన్ రాశాడు. కన్నతండ్రెవరో తెలియకుండా పెరిగి, తన ఇంటిపేరు తానే పెట్టుకున్న మనిషి ఆయన. ఆ దారిలోనే 1966లో జేమ్స్ మార్షియా కాలేజీ కుర్రాళ్లలో రెండు సంగతులు చూశాడు: వెతికారా, దేనికైనా కట్టుబడ్డారా అని. వెతక్కుండానే కట్టుబడినవాళ్లు పైకి నిమ్మళంగా ఉంటారు. ఇంట్లోవాళ్ల మాటే తమ మాటగా చెబుతారు. "ఇంకేమన్నా అవ్వాలనుకున్నావా?" అని అడిగితే, పెద్దగా ఆలోచించలేదనే అంటారు.

నేనూ అంతే. నాయన్ను తప్పుపట్టను. వరుసగా రెండేళ్లు శెనక్కాయ చేన్లోనే ఎండిపోయిన ఇంట్లో వెతుక్కునే తీరిక ఎక్కడిది?

నలభై దాటాక ప్రశ్న మారుతుందంటాడు ఎరిక్సన్. నా తర్వాతివాళ్లకు ఏమిస్తున్నాను, లేక నాలో నేనే ఇంకిపోతున్నానా? నాకైతే పాత ప్రశ్న కూడా దాని వెంటే తిరిగొచ్చింది.

నిన్న కడపలో జేజి దగ్గరున్న నా కూతురు ఫోన్ చేసింది. "నాయనా, ఏ గ్రూపు తీసుకునేది?"

నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. "నీకేమనిపిస్తోందమ్మా?"

"ఇంకా తెలీదు."

గడువుకు ఇంకా పది రోజులుంది. ఆ గడి ఖాళీగానే ఉంచాం.