కచ్చీ అంటే పచ్చి కాదు

మా చెల్లి కొడుకు గోల్కొండ ఖిలాకు పోయే దారిలో ఒక హోటల్లో బేరా. ఖిలా ఎక్కి దిగిన ఫారినర్లు ఆకలితో అక్కడే ఆగుతారు. ఒకరోజు ఒక మేడమ్ "కచ్చీ బిర్యానీ అంటే ఏమిటి?" అని అడిగితే మావాడు ధైర్యంగా "రా మీట్ బిర్యానీ, మేడమ్" అన్నాడట. ఆమె మెనూ మూసేసి దాల్, రోటీ చెప్పింది.

"ఝూట్ చెప్పలేదు కదా ఖాలాజాన్, కచ్చా గోష్త్‌తోనే కదా చేసేది!" అని మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నిజమే. కానీ వాడు చెప్పింది దేగ్‌లోకి పోయేముందు సంగతి, ఆమెకు కావాల్సింది ప్లేట్‌లోకి వచ్చాక సంగతి. ఆ రాత్రి చాయ్ తాగుతూ ఇద్దరం ఒక చిన్న కాగితం రాశాం. మాటలు మూడే: మసాలా పట్టించడం, దమ్, బఘార్.

మసాలా పట్టించడానికి మారినేట్ అనే మాట వాళ్లకు తెలుసు. తెలియడమే చిక్కు. వాళ్ల దేశాల్లో మారినేట్ అంటే చాలాసార్లు వైన్, వెనిగర్ కూడా పోస్తారు. ఒకాయన "వైన్‌లోనా?" అని అడిగితే మావాడు "తౌబా తౌబా" అన్నాడట, పాపం ఆయనకేం తెలుసు! అందుకే మాట వదిలేసి పని చెప్పమన్నాను: "రా గోట్ మీట్ స్టేస్ ఓవర్‌నైట్ ఇన్ యోగర్ట్, రా పపాయా అండ్ స్పైసెస్. దెన్ వీ కుక్ ఇట్ ఫుల్లీ." ఆ చివరి వాక్యం మింగేస్తే మళ్లీ మొదటి కథే. మటన్ అనకూడదు, మనకు మటన్ అంటే మేక, ఇంగ్లండ్ వాళ్లకు ముదురు గొర్రె. కర్డ్ కూడా వద్దు, అది విని కొందరు విరిగిన పాల ముక్కలు, చీజ్ అనుకుంటారు. పచ్చి బొప్పాయి ఎందుకని అడిగితే "ఇట్ మేక్స్ ద మీట్ సాఫ్ట్" చాలు. ఎక్కువైతే గోష్త్ హల్వా అయిపోతుందన్న సంగతి బావర్చీకి తెలిస్తే సరిపోతుంది.

దమ్ దగ్గర మావాడు "స్టీమ్డ్" అనేవాడు. అది విన్న వాళ్లు నీళ్ల మీద జాలీ పెట్టి ఉడికించిన చప్పటి కూరగాయలు, నెయ్యి నూనె లేని పథ్యం తిండి ఊహించుకుంటారు. తర్వాత ప్లేట్‌లో నెయ్యి మెరిస్తే మోసపోయామనుకుంటారు. కింద గోష్త్, పైన ముప్పావు వంతు ఉడికిన చావల్, మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద. మొదట పెద్ద మంట, ఆవిరి పుట్టాక సన్న మంట, మూత మీద నిప్పులు. గోష్త్‌లోంచి ఊరిన నీరే ఆవిరై పైకి పోయి చావల్‌ని ఉడికిస్తుంది. ఇదంతా చెప్పేలోపు గెస్ట్ నిద్రపోతాడు. కాబట్టి: "వీ క్లోజ్ ద పాట్ విత్ డో. మీట్ అండ్ రైస్ కుక్ స్లోలీ ఇన్సైడ్, ఇన్ దెయిర్ ఓన్ స్టీమ్. ఇట్ హ్యాజ్ ఘీ."

బఘార్‌కు డిక్షనరీలో టెంపరింగ్ అని ఉంది. ఆ మాట వాళ్లకు చాక్లెట్‌కో గాజుకో గుర్తు. సీజనింగ్ అంటే ఉప్పు, మిరియాలు అనుకుంటారు. "వీ హీట్ ఆయిల్ విత్ జీరా, గార్లిక్ అండ్ డ్రై చిల్లీ, అండ్ పోర్ ఇట్ హాట్ ఆన్ ద దాల్. డోంట్ ఈట్ ద హోల్ చిల్లీ." ఖట్టీ దాల్ బఘార్‌లో ఆరోజు నూనె వేశారో నెయ్యి వేశారో ముందే బావర్చీఖానాలో అడిగి రమ్మన్నాను. వీగన్ అన్నవాళ్లు నెయ్యి ముట్టరు.

కాగితం అయిపోయిందనే అనుకున్నాం. వారం తర్వాత ఒక అమ్మాయి "నో పీనట్స్, ఐ యామ్ అలెర్జిక్" అందట. బిర్యానీలో పల్లీలు లేవు, మావాడు లేవనే చెప్పాడు. అలవాటుగా పక్కన సాలన్ కటోరా పెట్టేశాడు. ఇదేంటంటే "చిల్లీ గ్రేవీ" అన్నాడు. ఆ పేరులో మిర్చి తప్ప ఇంకేం వినపడుతుంది? మిర్చీ కా సాలన్ చిక్కదనమంతా పల్లీలు, నువ్వులు, కొబ్బరిదే. ఆ అమ్మాయి చెంచా ముంచేలోపు ఉస్తాద్ చూసి కటోరా లాక్కున్నాడు. పల్లీ పడనివాళ్లకు ఒక్క చెంచాకే గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు.

ఆ రాత్రి ఫోన్లో వాడి గొంతు ఇంకా వణుకుతోంది. కాగితంలో ఇంకో వాక్యం ఎక్కింది: "దిస్ సాస్ హ్యాజ్ పీనట్స్, సెసమీ అండ్ కోకోనట్." బగారా బైంగన్ పక్కనా అదే రాశాం. ఇప్పుడు వాడు ఫారినర్లకు సాలన్ బిర్యానీతో పాటు పెట్టడు. ముందు ఈ వాక్యం చెప్పి, కావాలంటేనే తెస్తాడు.